గుడి ఫొటో కింద రెండు లైన్లు

శనివారం సాయంత్రమయ్యేసరికి మా కందుకూరు వైపు వాళ్ళ వాట్సాప్ స్టేటస్‌లు తెరిస్తే సగం మాలకొండ ఫొటోలే. మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామి గుడి వారంలో ఆ ఒక్క రోజే తెరుస్తారు కాబట్టి ఫొటోలన్నీ ఒకేసారి వచ్చిపడతాయి. ఫొటోలకేం, బాగానే ఉంటాయి. ఇప్పటి ఫోన్లతో ఫొటో చెడగొట్టడమే కష్టం. నా పేచీ అంతా వాటి కింద రాసే కాప్షన్‌తో. "జీవితంలో ఒక్కసారైనా దర్శించి తరించాల్సిన మహిమాన్విత క్షేత్రం." "స్వామివారి దివ్యదర్శన భాగ్యం కలిగింది, మనసంతా ఏదో తెలియని ప్రశాంతత." రాసినవాళ్ళు నాకు తెలిసినవాళ్ళే. అందులో ఒకామె మా వీధిలోనే ఉంటుంది, నోరు తెరిస్తే పక్కనున్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వాల్సిందే. అంత మనిషీ గుడి ఫొటో దగ్గరికొచ్చేసరికి బ్రహ్మోత్సవాల కరపత్రంలా మాట్లాడుతుంది.

మొదలే ఒక మాట చెప్పాలి. ఉట్టిగా "నమో నారసింహాయ" అని రాసి ఒక దండం బొమ్మ పెట్టేవాళ్ళతో నాకు ఏ గొడవా లేదు. గుళ్ళో నోటికి వచ్చిన మాటనే ఇక్కడా రాశారు, అంతే. అందులో చూపించుకోవడమూ లేదు, బోధించడమూ లేదు. తంటా వచ్చేది దాని తరవాతి వాక్యంతో. నామం రాశాక ఇంకా ఏదో రాయాలనిపిస్తుంది, ఆ ఏదో ఏమిటో తెలియదు. అప్పుడు చేతికి దొరికేది ఎక్కడో చదివిన వాక్యం.

ఆ రెండో వాక్యం సంగతే ఈ వ్యాసం.

కాప్షన్ చదవగానే అది ఎవరితో మాట్లాడుతోందో చూడండి. "తప్పక దర్శించుకోండి" అన్నది చూసేవాళ్ళతో మాట్లాడుతోంది, పైగా కాస్త మెట్టు మీద నిలబడి. "ఈ బిజీ లైఫ్‌లో నన్ను నేను వెతుక్కుంటూ ఇక్కడికొచ్చాను" అన్నది పైకి తనతో తాను మాట్లాడుకుంటున్నట్టే ఉన్నా నిజానికి నలుగురూ వినాలనే. "స్వామీ, నీ పాదాల చెంత ఈ జన్మ ధన్యమైంది" అన్నది దేవుడితో. దేవుడితో మాట్లాడేది గుళ్ళోనే అయిపోయింది కదా, మళ్ళీ ఫోన్లో ఎందుకు? ఈ మూడింట్లోనూ మనతో కలిసి గుడికొచ్చిన మనిషి ఎక్కడా లేదు. నేను చూసినంతలో మనసుకి పట్టే కాప్షన్లన్నీ ఆ మనిషితో చెప్పగలిగినవే. పక్కన నడిచి, మనతో పాటు క్యూలో నిలబడి, కొబ్బరిచిప్ప పంచుకున్న మనిషికి అదే వాక్యం పైకి చదివి వినిపించండి. ఆమె "అవును" అంటే వాక్యం నిలిచినట్టు. "ఏందే ఆ మాటలు" అని నవ్విందా, అది మీ వాక్యం కాదు.

గుడి ఫొటోకి ఇంకో చిక్కుంది. బీచ్ ఫొటోకో పెళ్ళి ఫొటోకో అది లేదు. మనం ఎందుకోసం వెళ్ళామో అది ఫొటోలో ఉండదు. మూలవిరాట్టుని ఫొటో తియ్యకూడదు, చాలాచోట్ల గర్భాలయం దరిదాపుల్లో ఫోనే బయటికి తియ్యనివ్వరు. కాబట్టి మన ఫొటోలన్నీ గాలిగోపురం ముందో, ధ్వజస్తంభం దగ్గరో, మెట్ల మీదో తీసినవే. నెల్లూరు రంగనాయకులగుడికి వెళ్ళి పెన్న ఒడ్డున నిలబడి తీసుకున్న ఫొటోలో గోపురం ఉంటుంది, నది ఉంటుంది, మనం ఉంటాం. లోపల పడుకున్న ఆ స్వామి ముందు మనం నిలబడిన నాలుగు క్షణాలు ఉండవు. ఆ లోపలిది కాస్తయినా బయటికి తేగలిగేది కాప్షన్ ఒక్కటే. చేతిలో ఉన్న ఆ ఒక్క అవకాశాన్నీ "మహిమాన్విత క్షేత్రం" అని వాడేస్తే, గోపురం ఫొటో కింద గోపురమే ఇంకోసారి రాసినట్టవుతుంది.

లోపలిది అంటే పెద్ద అనుభూతి అని కాదు నా ఉద్దేశం. హారతి పళ్ళెం వెలుగులో కళ్ళు కనబడి, మొహం పూర్తిగా చూసేలోపే "జరగండమ్మా, జరగండి" అన్నారా? అది రాయొచ్చు. దండం పెట్టుకుంటూ అడగాల్సింది మర్చిపోయి బయటికొచ్చారా? అది ఇంకా మంచిది. చాలామందికి జరిగేదే కానీ ఎవరూ రాయరు.

ఇప్పుడు ఒక ఫొటో తీసుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం. మా పిన్ని కూతురు పంపింది, పెట్టే ముందు "ఏం రాయమంటావక్కా" అని అడిగింది. వాళ్ళ ఇంట్లో రాత పని ఏదొచ్చినా నా మీదికే తోస్తారు.

మాలకొండ తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. వలేటివారిపాలెం దగ్గర కొండ మీద ఉంటుంది గుడి. మిగతా ఆరు రోజులూ దేవతలూ ఋషులూ పూజ చేసుకుంటారని, శనివారం ఒక్కటే మనుషులకని అక్కడ చెప్పుకుంటారు. స్వామి దర్శనమయ్యాక అమ్మవారి దగ్గరికి పోవాలంటే రెండు పెద్ద బండల నడుమ సందులోంచి పోవాలి. అమ్మవారి కోసం కొండే చీలి దారి ఇచ్చిందంటారు. బయటినుంచి చూస్తే పిల్లలు కూడా పట్టరేమో అనిపిస్తుంది. ఎంత లావు మనిషినైనా ఆ సందు పోనిస్తుందని పెద్దవాళ్ళ మాట. ఒంటిని కాస్త పక్కకి తిప్పి, రాయికి ఆనుకుంటూ పోవాలి. (జిల్లా సంగతి అడక్కండి. 2022లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరు వైపంతా నెల్లూరులో కలిపారు, మా పిన్ని మాత్రం అప్పుడు కూడా ప్రకాశం జిల్లా అనే అనేది.)

ఫొటోలో మా పిన్ని సందు అవతలి పక్క నిలబడి ఉంది. జాకెట్టు భుజం మీద, చీర కుచ్చిళ్ళ పక్కన రాతి దుమ్ము. నుదుటి బొట్టు చెమటకి ఒక పక్కకి జారింది. కెమెరా వైపు చూడడం లేదు, వచ్చిన దారి వైపు చూస్తూ నవ్వుతోంది.

మా చెల్లి మొదట రాసింది ఇది: "జీవితంలో ఒక్కసారైనా చూడాల్సిన క్షేత్రం మాలకొండ. మనసంతా ప్రశాంతత. నమో నారసింహాయ." ఫొటోలో అంత మనిషి నవ్వుతుంటే కాప్షన్లో ఆమె ఊసే లేదు. ఈ మూడు ముక్కలూ మాలకొండ పేరు తీసేసి పెంచలకోనకి పెట్టొచ్చు, సింగరాయకొండకి పెట్టొచ్చు. అక్కడా నరసింహస్వామే కాబట్టి చివరి ముక్క కూడా మార్చక్కర్లేదు. పేరు మారిస్తే ఇంకో గుడికి సరిపోయే కాప్షన్ ఏ గుడిదీ కాదు.

అది చెప్తే రెండోది పంపింది: "దారి ఎంత ఇరుకైనా, నమ్మకం ఉంటే దాటగలం." నేను భయపడింది దీని గురించే. ఆ సందుని చూస్తే ఎవరికైనా ఈ నీతి తన్నుకుంటూ వస్తుంది. అంత తేలిగ్గా వచ్చింది కాబట్టే అనుమానించాలి. ఈ వాక్యంలో పిన్నీ లేదు, బండా లేదు, శనివారమూ లేదు. సందు కాస్తా జీవితమైపోయింది. చదివినవాళ్ళు ఒక లైక్ కొట్టి పోతారు. ఇంకా చెప్పాలంటే అక్కడివాళ్ళు చెప్పుకునే కథ దీనికంటే చాలా బాగుంది. బండ చీలింది అమ్మవారి కోసం. పోనిచ్చేది కొండ. మన నమ్మకం గొప్పని ఆ కథ ఎక్కడా అనడం లేదు. నీతి రాయబోయి కథనే తలకిందులు చేశాం.

మూడోది ఇంకో కొసకి పోయింది: "రెండేళ్ళ నుంచి మోకాళ్ళ నొప్పులతో నరకం చూస్తున్న అమ్మ ఈ రోజు..." అంటూ మందుల దాకా వెళ్ళింది. పర్సనల్‌గా రాయమన్నావు కదా అంది. పర్సనల్ అంటే ఇంట్లోవాళ్ళ ఒంటి సంగతులు ఊరందరికీ చెప్పడం కాదు. ఆ మోకాళ్ళు పిన్నివి, కాప్షన్ చెల్లిది. పైగా ఆ రకం కాప్షన్ కింద వచ్చేవన్నీ "త్వరగా కోలుకోవాలి ఆంటీ" అనే కామెంట్లు. నవ్వుతున్న మనిషి ఫొటో కింద పరామర్శలు వచ్చిపడతాయి.

నాలుగోది ఒంటి మీద జోకు. అది ఇక్కడ రాయను. పిన్ని చదివితే నవ్వేస్తుంది కానీ ఆ స్టేటస్ చూసిన ప్రతివాళ్ళూ పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు అదే జోకు వేస్తారు, అప్పుడు నవ్వదు.

అప్పుడు ఫోన్ చేసి అడిగాను, అసలు అక్కడ ఏం జరిగిందే అని. ఏం జరగలేదక్కా అంది. ఏం జరగకపోతే ఆమె ఎందుకు నవ్వుతోంది అన్నాను. "ఓ అదా. సందు ముందు నిలబడి నేను రాను, మీరు పోయి రండి అని ఒకటే గోల. ఎంత చెప్పినా కదల్లేదు. మేం చెప్పుల సంగతేందో మాట్లాడుకుంటుంటే, తిరిగి చూసేసరికి అమ్మ అవతల ఉంది."

ఇదే కాప్షన్. దీన్ని పెద్దగా దిద్దక్కర్లేదు. మేము తేల్చింది ఇది:

"సందు ముందు అమ్మ చాలాసేపు నిలబడింది. నేను రాను, మీరు పోయి రండి అంది. మేం ఏదో మాట్లాడుకుని తిరిగి చూసేసరికి మా అందరికంటే ముందు అవతల ఉంది. మాలకొండ, శనివారం."

ఇందులో భక్తి అనే మాట లేదు. కానీ ఆ మధ్యలో, ఎవరూ చూడనప్పుడు, పిన్ని ఏమనుకుని అడుగేసిందో చదివేవాళ్ళే అనుకుంటారు. దండం పెట్టుకుందో, ఎవరైనా వెనకనుంచి తోశారో మాకూ తెలియదు. అడిగితే చెప్పలేదు. ఆ తెలియనిదాన్ని తెలియనట్టే వదిలాం. అక్కడ "నరసింహస్వామే నడిపించాడు" అని ఒక ముక్క చేర్చాలని మా చెల్లి చాలా పట్టుబట్టింది. నడిపించి ఉండొచ్చు. అది చెప్పాల్సింది పిన్ని. ఆమె అంటే ఆమె మాటగానే రాద్దాం, మనం ఆమె తరఫున సాక్ష్యం చెప్పొద్దు అన్నాను.

పెట్టేముందు పిన్నికి చదివి వినిపించమన్నాను. ఆమెకి రాతతో ఏ ఇబ్బందీ లేదు. "చీర మీద దుమ్ము కనబడతందే, వేరే ఫొటో లేదా" అంది. ఆ దుమ్ము ఉంటేనే బాగుంటుందని ఒప్పించడానికి రాత కంటే ఎక్కువ టైం పట్టింది.

ఆ నాలుగు వాక్యాల వరస గురించి ఒక్క మాట. ఇన్‌స్టాలో కాప్షన్ ఎంత రాసినా ముందు కనబడేది ఒకటి రెండు లైన్లే, మిగతాది నొక్కి తెరుచుకోవాలి. చాలామంది ఆ మొదటి లైన్లో ఊరి పేరు, గుడి పూర్తి పేరు, మండలం, జిల్లా రాసేస్తారు. అసలు మాట మడతలో పడిపోతుంది. జరిగింది ముందు, చోటు చివర. హ్యాష్‌ట్యాగులు పెట్టాలనుకుంటే అన్నిటికంటే కింద, అవీ రెండో మూడో. ఫొటోలో కనబడేదాన్ని మళ్ళీ రాయక్కర్లేదు. పిన్ని నవ్వుతోందని ఆ కాప్షన్లో లేదు, అది చూస్తూనే ఉన్నాం.

ప్రశాంతత సంగతికి వస్తే, శనివారం మాలకొండలో నిశ్శబ్దం ఎక్కడుంటుంది చెప్పండి? మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు, కొబ్బరికాయలు కొట్టే చప్పుడు, క్యూలో వెనకవాళ్ళ మోచేతులు. అంతా ఒట్టి సందడి. ఆ సందడిని మింగేసి "ఎంతో ప్రశాంతం" అని రాస్తే, అక్కడికి వెళ్ళొచ్చిన ఎవరికైనా తెలిసిపోతుంది. ప్రశాంతత ఉండదని కాదు. సందడి నడుమ ఎక్కడో ఒక చిన్న చోట ఉంటుంది. మండపంలో స్తంభానికి వీపు ఆనించినప్పుడు రాయి చల్లగా తగిలినప్పుడు. ప్రసాదం పులిహోర ఆకు మీద వేడిగా ఉండగా అందరూ మాటలాపి తింటున్నప్పుడు. ఆ చోటు ఎక్కడో రాస్తే సరిపోతుంది, చదివేవాళ్ళకి ప్రశాంతత అందుతుంది. ఆ పేరు మనం పెట్టక్కర్లేదు. "మైకులో ఎవరి పేరో పిలుస్తూనే ఉన్నారు. స్తంభం చల్లగా ఉంది. లేవబుద్ధి కాలేదు." దీన్ని చదివితే నాకు ఆ మండపంలో కూర్చున్నట్టే ఉంటుంది.

వాక్యం నడక కూడా చూసుకోవాలి. జరిగిపోయినదాన్ని జరిగిపోయినట్టు, చిన్న వాక్యాల్లో, ఫుల్‌స్టాప్ పెట్టి చెప్పినప్పుడు దానంతట అదే నెమ్మది వస్తుంది. వాక్యానికి మూడు ఆశ్చర్యార్థకాలు, లైనుకి ఐదు దండాలు పెడితే మాటలు ఎంత మెత్తనివైనా అరిచినట్టే ఉంటుంది. తెలుగులో మనకున్న సుఖం ఏమిటంటే "నేను" అనక్కర్లేదు. "కూర్చున్నాను" అంటే చాలు, అదీ వద్దనుకుంటే "కూర్చున్నాం". నేను నేను అని రెండుసార్లు పడిందంటే ఫొటో గుడిది కాదు, మనది. క్రియల చివర "అండి" అనో "ఆలి" అనో వచ్చిందేమో చూసుకోండి. దర్శించుకోండి, తెలుసుకోండి, ప్రతి ఒక్కరూ చూడాలి. నేను కూడా ఈ వ్యాసంలో బోలెడన్ని అండీలు వాడేశాను, కానీ ఇది సలహా ఇవ్వడానికే రాస్తున్న వ్యాసం, గుడి ఫొటో కాదు.

శ్లోకాల గురించి కూడా చెప్పాలి. నోటికి వచ్చిన శ్లోకమైతే ఒక పాదం రాసుకోండి, ఎంతో బాగుంటుంది. ఎక్కడో కాపీ చేసి అంటిస్తేనే చిక్కు. ఒత్తులు ఎగిరిపోయి, మహాప్రాణాలు అల్పప్రాణాలై, విసర్గలు ఎక్కడివక్కడ రాలిపోయి ఉంటాయి. నోటికి వచ్చినవాళ్ళు ఆ తప్పు వెంటనే పట్టుకుంటారు, రానివాళ్ళు చదవకుండా దాటిపోతారు. ఎవరికీ అందని అలంకారం అది.

ఇదంతా చెప్తుంటే మా బాబాయి, అంటే ఆ పిన్ని భర్త, నాతో గట్టిగానే వాదించాడు. హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. "గుడికి పోయొచ్చినాక నలుగురికీ చెప్పడం తప్పా అమ్మా? మన పెద్దోళ్ళు కాశీకి పోయొస్తే ఊరంతా పిలిచి కాశీ సమారాధన చెయ్యలా? చూసినోళ్ళు నలుగురు పోతారు, వాళ్ళకీ పుణ్యం, చెప్పిన మనకీ పుణ్యం. నువ్వు దాన్ని నీతులు చెప్పడమంటావేంది?"

ఆ మాటలో నిజముంది. చెప్పడం వేరు, చెప్పే తీరు వేరు అని తప్పించుకోవడం నాకిష్టం లేదు, సూటిగానే జవాబు చెప్పాను. కాశీ సమారాధనలో భోజనం పెట్టేవాళ్ళు. ఇంటికొచ్చినవాడికి ఏదో ఒకటి అందేది. కాప్షన్‌తో నిజంగా నలుగురు వెళ్ళాలనుకుంటే వాళ్ళకి పనికొచ్చేది ఇవ్వాలి. శనివారం ఒక్క రోజే తెరుస్తారు, తక్కిన రోజు వస్తే తాళం చూసి పోవాల్సిందే. బెంగళూరు నుంచి బండేసుకుని ఆదివారం వచ్చినవాళ్ళకి "మహిమాన్విత క్షేత్రం" అన్న కాప్షన్ ఏం సాయం చేస్తుంది? అలాంటి సమాచారం రాయండి, తప్పకుండా రాయండి. మన నాలుగు వాక్యాలూ అయ్యాక ఒక లైను వదిలి, కింద విడిగా. "గుడి శనివారం మాత్రమే. అమ్మవారి దగ్గరికి వెళ్ళే దారి ఇరుకు, తాపీగా వెళ్ళండి." ఇక్కడ "వెళ్ళండి" అన్నది బోధ కాదు. వెళ్ళబోయేవాడి మీద శ్రద్ధ. బాబాయి ఇది మాత్రం ఒప్పుకున్నాడు. మిగతాది ఒప్పుకోలేదు.

పర్సనల్‌గా రాయడానికి ఒక హద్దు ఉందని మూడో కాప్షన్ దగ్గర అన్నాను. ఆ హద్దు బాగా తెలిసేది జొన్నవాడలో. పెన్న ఒడ్డున మల్లికార్జునస్వామి, కామాక్షితాయి గుడి. నెల్లూరు చుట్టుపక్కల ఎవరికి ఏ కష్టమొచ్చినా అమ్మ దగ్గర నిద్ర చేసి రమ్మంటారు. ఏటిలో స్నానం చేసి, తడిబట్టలతో ప్రదక్షిణాలు చేసి, రాత్రి గుళ్ళోనే పడుకుంటారు. పిల్లలు లేనివాళ్ళు, మతి స్థిమితం లేనివాళ్ళని తీసుకొచ్చినవాళ్ళు, కోర్టుల చుట్టూ తిరిగి విసిగిపోయినవాళ్ళు, అందరూ పక్కపక్కన చాపలేసుకుని పడుకుంటారు. పక్కచాప మనిషిని ఎందుకొచ్చారని ఎవరూ అడగరు. అడక్కపోవడం అక్కడ మర్యాద.

ఫొటోకీ కాప్షన్‌కీ కూడా అదే మర్యాద వర్తిస్తుందని నేనంటాను. తెల్లవారుజామున గుడి ప్రాంగణం ఎంత అందంగా ఉన్నా, పడుకున్నవాళ్ళు ఫ్రేములో పడితే ఆ ఫొటో పెట్టకూడదు. వాళ్ళు ఎందుకొచ్చారో వాళ్ళ ఊళ్ళో తెలియకపోవచ్చు. జొన్నవాడలో ఫలానా ఆమె నిద్ర చేసింది అన్న ఒక్క ఫొటో చాలు, ఎందుకు చేసిందని అల్లుకోవడానికి. మన మొక్కు సంగతి కూడా అంతే. ఏం కోరుకున్నామో రాయడం మొదలుపెడితే ఆ కోరిక తీరిందా లేదా అని తరవాత అడిగేవాళ్ళు పోగవుతారు. తీరకపోతే వాళ్ళందరికీ జవాబు చెప్పుకోవాలి. చేసింది రాయొచ్చు, అడిగింది రాయక్కర్లేదు.

మా దూరపు చుట్టం ఒకామె జొన్నవాడ నుంచి పెట్టిన ఫొటో నాకు బాగా గుర్తు. ఏటి ఒడ్డున ఆరేసిన చీర, అంతే. మనుషులెవరూ లేరు. కింద ఇలా రాసింది: "చీర ఆరేదాకా ఏటి ఒడ్డునే కూర్చున్నాం. అత్తయ్య చాలా రోజుల తర్వాత రాత్రంతా నిద్రపోయింది. కాఫీ తాగి బయలుదేరాం." ఆ అత్తయ్యకి నిద్ర ఎందుకు పట్టడం లేదో మాలో కొందరికి తెలుసు, ఎక్కువమందికి తెలియదు. తెలిసినవాళ్ళకి ఒకలా, తెలియనివాళ్ళకి ఒకలా చేరింది. కారణం చెప్పకుండానే చెప్పాల్సింది చెప్పింది. అమ్మవారి మహిమ అని రాయలేదు. రాస్తే "ఏమైంది అత్తయ్యకి?" అని అడిగేవాళ్ళు. దాని కింద ఎవరూ ఏమీ అడగలేదు.

పాత ఫొటోల వెనక మా నాన్నగారి తరం వాళ్ళు రాసిన రాతలు చూస్తే ఈ పద్ధతి కొత్తదేం కాదనిపిస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ప్రింటు వెనక పెన్నుతో: "పెంచలకోన. చిన్నక్క రాలేదు, బాలింత. కారు రాపూరు దగ్గర ఆగిపోయింది." ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, దారిలో ఏమైంది. దర్శన భాగ్యం కలిగిందని ఏ ఫొటో వెనకా రాయలేదు, ఎందుకంటే చదివేది ఇంట్లోవాళ్ళే, వాళ్ళు భక్తులన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఇప్పుడు చదివేవాళ్ళు ఎక్కువయ్యారు. అయినా రాసేటప్పుడు ఆ ఫొటో వెనక రాస్తున్నట్టే రాయొచ్చు కదా అంటాను.

అన్ని ఫొటోలకీ రాసి తీరాలనీ లేదు. తిథి నాడు వెళ్ళినప్పుడో, ఇంట్లో ఏదో జరిగి మనసు బాగోక వెళ్ళినప్పుడో రాయడానికి ఏమీ తోచకపోతే గుడి పేరు, వారం చాలు. అవీ వద్దంటే ఉట్టి ఫొటో. ఖాళీగా ఉంటే బాగోదని ఎవరో రాసిన ఇంగ్లీషు కొటేషన్ తెచ్చి పెట్టేవాళ్ళని చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. పెంచలకోనలా చెంచులక్ష్మి కథ ఉన్న చోట ఎవరి ఊరి కొటేషనో ఎందుకు?

ఇక ఎప్పుడు రాయాలి అంటే, తిరుగు ప్రయాణంలో. బస్సు కిటికీ పక్క సీటు దొరికితే అక్కడే. ఒక పూట గడిచిందంటే చెప్పుల స్టాండు దగ్గర గొడవ, రాయి చల్లదనం, పిన్ని అన్న మాట, అన్నీ అరిగిపోయి "చాలా బాగా జరిగింది" ఒక్కటే మిగులుతుంది. ఇంటికెళ్ళి స్నానం చేసి తీరిగ్గా రాద్దామనుకుంటే చేతిలోకి మళ్ళీ ఆ కరపత్రం మాటలే వస్తాయి. అప్పటికప్పుడు పోస్టు చెయ్యక్కర్లేదు. పక్కనున్నవాళ్ళు అన్న ఒక మాట నోట్స్‌లో పెట్టుకుంటే చాలు, ఫొటో ఎప్పుడైనా పెట్టొచ్చు.

కార్తీక మాసంలో అందరం భైరవకోన పోదామని మా బాబాయి బయలుదేరదీశాడు. సీఎస్ పురం మండలంలో, కొండని తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. అక్కడ ఏం రాస్తావో చూస్తానన్నాను. "ఎప్పుడో రాసి పెట్టుకున్నా" అని ఫోన్ తీసి చదివి వినిపించాడు. ఐదు లైన్లు, దిద్దిన ఒత్తులతో సహా. "జలపాతపు హోరులో అంతులేని ప్రశాంతత" అని ఉంది అందులో. పోయినాక జలపాతంలో నీళ్ళు లేకపోతే ఏం చేస్తావు బాబాయ్ అంటే, "నీళ్ళు ఉంటాయిలే, వానలు పడినయ్యి గదా" అన్నాడు.